నెలకి 8 శాతం గ్యారంటీ: 1920 బోస్టన్ నుంచి మా బాబాయ్ ఫోన్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక వందేళ్ళ నాటి మోసం గురించి మాట్లాడుకుందాం. దాని కంటే ముందు మా ఇంట్లో జరిగిన ఒక విషయం చెప్తాను. ఎందుకంటే అది జరగకపోయి ఉంటే నేను ఈ చరిత్ర చదివేవాణ్ణే కాదు.

మా బాబాయ్ ఆర్టీసీలో చేసి రిటైర్ అయ్యారు. ఒకరోజు ఫోన్ పట్టుకుని వచ్చి, "ఒరేయ్, నువ్వు చదువుకున్నోడివి కదా, ఇది ఒకసారి చూసి చెప్పు" అన్నారు. అందులో ఒక యాప్. ఫారెక్స్ ట్రేడింగ్ అట, అంటే డాలర్లు, యూరోలు కొని అమ్మడం. లక్ష పెడితే నెలకి 8 శాతం, అంటే 8 వేలు, గ్యారంటీగా అకౌంట్‌లో పడతాయి. అప్పటికే నాలుగు నెలలు పడ్డాయి కూడా. నేను యాప్ తెరిచి చూశాను. చార్టులు కదులుతున్నాయి, ఎరుపు ఆకుపచ్చ క్యాండిల్స్ ఉన్నాయి, కస్టమర్ కేర్ చాట్ ఉంది. "బాగానే ఉన్నట్టుంది బాబాయ్" అన్నాను.

ఆ ఒక్క మాట మీద ఆయన ఇంకో 9 లక్షలు పెట్టారు. రిటైర్‌మెంట్ డబ్బు అది. తర్వాత ఏమైందో చివర్లో చెప్తాను. నేను చేసిన తప్పు ఏంటంటే, యాప్‌ని చూశాను, మాటని చూడలేదు. "గ్యారంటీ" అన్న మాట దగ్గరే ఆగి ఉంటే యాప్ తెరవాల్సిన అవసరమే లేదు. ఎందుకో చెప్పాలంటే మనం 1920లో అమెరికాలోని బోస్టన్‌కి వెళ్ళాలి.

చార్లెస్ పాంజీ అనే పేరు మీరు వినే ఉంటారు. పాంజీ స్కీమ్ అంటాం కదా, ఆయనే. ఇటలీలో పుట్టాడు, 1903లో ఓడ ఎక్కి బోస్టన్‌లో దిగాడు. అయితే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆయన అమ్మిన కథ కరెన్సీ వ్యాపారమే. ఇవాళ్టి ఫారెక్స్ స్కీములకి వరసకి ముత్తాత లాంటిది.

ఆ కథ ఏంటో చూడండి. ఆ రోజుల్లో ఇంకో దేశంలో ఉన్నవాళ్ళకి ఉత్తరం రాసి, జవాబు ఖర్చు కూడా మనమే పెట్టుకోవాలంటే ఒక కూపన్ కొని కవర్లో పెట్టి పంపేవాళ్ళు. ఇంటర్నేషనల్ రిప్లై కూపన్ అంటారు. అవతలి వాళ్ళు ఆ కూపన్‌ని తమ పోస్టాఫీసులో ఇచ్చి అక్కడి స్టాంపు తీసుకుంటారు. కూపన్ల రేట్లు దేశాల మధ్య ముందే ఒప్పందం చేసుకుని పెట్టినవి. కానీ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ లీరా లాంటి కరెన్సీల విలువ బాగా పడిపోయింది. కూపన్ రేటు మాత్రం పాతదే. అంటే డాలర్లు తీసుకెళ్ళి ఇటలీలో లీరాలుగా మార్చి, అక్కడ కూపన్లు చౌకగా కొని, అమెరికాలో 5 సెంట్ల స్టాంపులుగా మార్చుకుంటే లాభం.

1919లో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక ఉత్తరంలో ఈ కూపన్ పాంజీ కంట పడింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కథ అబద్ధం కాదు. ఆ తేడా నిజంగానే ఉంది. మంచి మోసం ఎప్పుడూ ఒక నిజం మీదే నిలబడుతుంది. ఫారెక్స్ మార్కెట్ కూడా నిజమే కదా, ప్రపంచంలో అంత పెద్ద మార్కెట్ ఇంకోటి లేదు. మార్కెట్ నిజం అయినంత మాత్రాన, మన డబ్బు అక్కడికి వెళ్తోందని కాదు.

1919 డిసెంబర్‌లో పాంజీ దుకాణం తెరిచాడు. చేతిలో ఉన్న పెట్టుబడి 150 డాలర్లు. జనానికి ఇచ్చిన మాట: 100 డాలర్లు ఇవ్వండి, 90 రోజుల్లో 150 ఇస్తాను. నిజానికి 45 రోజులకే ఇచ్చేవాడు. ఆ రోజుల్లో బ్యాంకు వడ్డీ ఏడాదికి ఐదు శాతం లోపు. చెప్పిన దాని కంటే ముందే డబ్బు చేతిలో పడితే ఎవరు అనుమానిస్తారు? తీసుకున్నవాళ్ళు పక్కింటివాళ్ళకి చెప్పారు. మనుషుల్ని తెచ్చే ఏజెంట్లకి 10 శాతం కమీషన్. 1920 జూలై వచ్చేసరికి వారానికి సుమారు 10 లక్షల డాలర్లు వచ్చి పడుతున్నాయి. కూలీలు, వితంతువులు, చివరికి పోలీసు ఉద్యోగులు కూడా పెట్టారు.

సరే, ఇప్పుడు మనం అప్పుడు బోస్టన్‌లో ఉన్నామనుకోండి. పాంజీ పుస్తకాలు మనకి చూపించడు. ఆఫీసు బాగుంది, మనిషి బాగా మాట్లాడతాడు, డబ్బు టైముకి ఇస్తున్నాడు. మోసమని ఎలా తెలుసుకుంటాం?

ఒక్క లెక్క చాలు. కూపన్ మీద మహా అయితే 4 సెంట్ల లాభం వస్తుందనుకుందాం. 100 డాలర్ల మీద 50 డాలర్ల లాభం ఇవ్వాలంటే 1,250 కూపన్లు కావాలి. వారానికి 10 లక్షల డాలర్లు తీసుకుంటున్నాడు కదా, దాని మీద 5 లక్షల డాలర్ల లాభం చూపించాలి. అంటే కోటీ 25 లక్షల కూపన్లు. ఒక్క వారానికి! అవి కాగితాలు. ఓడల్లో రావాలి, పోస్టాఫీసు కౌంటర్లో ఒక్కొక్కటీ మార్చాలి, వచ్చిన స్టాంపుల్ని మళ్ళీ ఎవరికో అమ్మి డబ్బు చేసుకోవాలి.

ఇలాంటి లెక్కే క్లారెన్స్ బారన్ అనే ఆర్థిక విషయాల జర్నలిస్టు వేశాడు. పాంజీ తీసుకున్న డబ్బుకి సరిపడాలంటే 16 కోట్ల కూపన్లు ఉండాలి. కానీ చలామణీలో ఉన్నవి దాదాపు 27 వేలు. 'బోస్టన్ పోస్ట్' పత్రిక దీన్ని అచ్చేసింది. బారన్ ఇంకో ప్రశ్న కూడా అడిగాడు. ఇంత లాభం వచ్చే వ్యాపారం చేతిలో ఉన్న మనిషి, తన సొంత డబ్బుని ఎందుకు బ్యాంకుల్లో, స్థలాల్లో పెడుతున్నాడు? తన దాంట్లోనే పెట్టుకోవచ్చు కదా?

జనం ఆఫీసు ముందు గుమిగూడారు. పాంజీ ఏం చేశాడో తెలుసా? కాఫీ, డోనట్లు పంచాడు. నవ్వుతూ అడిగినవాళ్ళకి అడిగినంత ఇచ్చాడు. అది చూసి చాలామంది "ఇస్తున్నాడు కదా" అని డబ్బు తీసుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయారు. ఆగస్టు 2న, ఆయన దగ్గర పబ్లిసిటీ పని చేసిన మనిషే, పాంజీ దగ్గర డబ్బు లేదని పత్రికలో రాశాడు. అంతకు ముందు కెనడాలో ఫోర్జరీ కేసులో జైలుకి వెళ్ళిన సంగతి కూడా బయటపడింది. ఆగస్టులోనే అరెస్టు.

తర్వాత కోర్టులో తేలింది ఏంటంటే, ఎనిమిది నెలల్లో జనం దగ్గర తీసుకున్నది సుమారు 95 లక్షల 82 వేల డాలర్లు. తిరిగి ఇస్తానని రాసిచ్చిన నోట్ల విలువ సుమారు కోటీ 43 లక్షల 74 వేల డాలర్లు. ఆ డబ్బుతో చేసిన వ్యాపారం ఏమీ లేదు. ముందు వచ్చినవాళ్ళకి ఇచ్చిన "లాభం" వెనక వచ్చినవాళ్ళ డబ్బే.

ఇంకో విచిత్రం. అదే బోస్టన్‌లో, పాంజీకి 40 ఏళ్ళ ముందు, సారా హౌ అనే ఆవిడ పెళ్ళికాని ఆడవాళ్ళ కోసమంటూ ఒక డిపాజిట్ సంస్థ నడిపింది. నెలకి ఎంత ఇస్తానందో తెలుసా? 8 శాతం. మా బాబాయ్ యాప్‌లో ఉన్న అంకె అదే. 1880లో అదీ కూలిపోయింది. ఇది చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసేశాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. "గ్యారంటీ" అన్న మాటే ఎందుకు ప్రమాదం?

బ్యాంకు ఎఫ్‌డీకి గ్యారంటీ ఇస్తుంది కదా అని మీరు అడగొచ్చు. ఇస్తుంది. ఎలా ఇవ్వగలుగుతుంది? మన డబ్బు తీసుకుని ఇంకొకరికి ఇంటి లోనుగా, వ్యాపార లోనుగా ఇస్తుంది. ఆ లోను తీసుకున్నవాడు నెలనెలా ఇంత కడతానని సంతకం పెట్టి ఉంటాడు. అక్కడ నుంచి 9 శాతం వస్తుంది కాబట్టి ఇక్కడ ఏడాదికి 7 శాతం ఇస్తుంది. అంటే గ్యారంటీ వెనకాల కడతానని ఒప్పుకున్న మనిషి ఒకడు ఉండాలి.

కరెన్సీ ట్రేడింగ్‌లో అలా ఒప్పుకున్నవాడు ఎవడూ లేడు. మీరు డాలర్ పెరుగుతుందని కొన్నారు, అవతలివాడు తగ్గుతుందని అమ్మాడు. ఒకరికి వస్తే ఇంకొకరికి పోతుంది. మీకు నెలనెలా లాభం ఇస్తానని మార్కెట్ ఎవరికీ సంతకం పెట్టలేదు.

పైగా కరెన్సీలు రోజుకి చాలా కొంచెమే కదులుతాయి. దాంతో నెలకి 8 శాతం రావాలంటే అప్పు మీద ట్రేడ్ చేయాలి. దాన్నే లెవరేజ్ అంటారు. లక్ష రూపాయలు పెట్టి కోటి రూపాయల ట్రేడ్ చేయడం, అంటే వంద రెట్లు. అప్పుడు రేటు మనకి అనుకూలంగా 1 శాతం కదిలితే లక్ష లాభం. ఎదురు కదిలితే? పెట్టిన లక్షా పోయినట్టే. ఎంత గొప్ప ట్రేడర్ అయినా ఒక నెల 6 శాతం లాభం, తర్వాతి నెల 9 నష్టం, ఆ తర్వాత 2 లాభం, ఇలాగే ఉంటుంది లెక్క. ఎగుడుదిగుడుగా ఉంటేనే అది ట్రేడింగ్. ప్రతి నెలా ఒకటో తారీఖున సరిగ్గా 8 వేలు పడితే అది జీతంలా ఉంటుంది. మార్కెట్ జీతాలివ్వదు.

కాబట్టి ఎవరైనా ఫిక్స్‌డ్‌గా ఇస్తానంటే ఒకే ఒక్క ప్రశ్న అడగండి. "నష్టం వచ్చిన నెలలో నాకిచ్చే డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది?" వాళ్ళ సొంత జేబులోంచి అంటే, అంత డబ్బున్నవాడికి మీ లక్ష ఎందుకు? మా టీమ్‌కి నష్టమే రాదంటే, అది అబద్ధం. ఇక మిగిలింది మీ తర్వాత చేరేవాళ్ళ జేబు.

ఇంకోలా చూడండి. నెలకి 8 శాతం అంటే ఏడాదికి 96 శాతం. నిజంగా నెలకి 8 శాతం సంపాదించగలిగేవాడు బ్యాంకులో 15 శాతానికి పర్సనల్ లోన్ తీసుకుంటే చాలు, మిగిలినదంతా వాడిదే. అది వదిలేసి 96 శాతం వడ్డీకి మన దగ్గర ఎందుకు తీసుకుంటున్నాడు? ఆ 8 శాతాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే లక్ష రూపాయలు ఐదేళ్ళలో కోటి దాటుతుంది. అలాంటి మిషన్ ఇంట్లో ఉన్నవాడు టెలిగ్రామ్‌లో మెసేజీలు పెట్టుకుంటూ కూర్చోడు.

"కానీ అన్నా, ఎనిమిది నెలలుగా ఇస్తున్నారు కదా!" ఇది నాకు అందరూ చెప్పే మాట. దీనికి కూడా లెక్క చూద్దాం.

వంద మంది తలా లక్ష పెట్టారు. కోటి రూపాయలు. అందులో ఏజెంట్లకి 10 శాతం పోతే 90 లక్షలు మిగిలాయి. నెలకి ఇవ్వాల్సింది 8 లక్షలు. ఒక్క ట్రేడ్ కూడా చేయకుండా, కొత్తగా ఒక్కడూ చేరకుండా, ఆ డబ్బు 11 నెలలు వస్తుంది. సగం మంది "నా లాభం యాప్‌లోనే ఉండనీ, పెరుగుతుంది" అంటే నెలకి 4 లక్షలు ఇస్తే చాలు. 22 నెలలు వస్తుంది. మరి ఎనిమిది నెలలు డబ్బు రావడం దేనికి రుజువు? దేనికీ కాదు. మీ లక్షలో ఎనిమిది ఎనిమిది వేలు మీకే తిరిగి ఇస్తున్నారు. పెట్టిన లక్ష వెనక్కి రావడానికే పన్నెండున్నర నెలలు పడుతుంది. అప్పటిదాకా "లాభం" అనే మాటే తప్పు.

నిజం, అబద్ధం రెండింటిలోనూ మొదటి నెలలు ఒకేలా కనిపిస్తాయి. అందుకే డబ్బు రావడాన్ని పరీక్షగా పెట్టుకోకూడదు. పాంజీ డోనట్లు పంచింది అందుకే. ఇప్పటివాళ్ళు మొదట్లో చిన్న చిన్న విత్‌డ్రాలు వెంటనే ఇచ్చేదీ అందుకే.

పాంజీకి లేని సౌకర్యం ఇప్పటివాళ్ళకి ఒకటుంది. ఆయన నోటు మాత్రమే రాసివ్వగలిగాడు. వీళ్ళు ఏకంగా మార్కెట్‌నే మీ ఫోన్‌లో బొమ్మ గీస్తారు. చార్టు నిజమైనదే కావచ్చు, ఎవరైనా దాన్ని ఫీడ్‌గా తెచ్చుకోవచ్చు. కానీ మీ బ్యాలెన్స్, మీ ట్రేడ్, మీ లాభం, ఇవన్నీ వాళ్ళ సర్వర్‌లో వాళ్ళు టైప్ చేసుకున్న అంకెలు. నేను ఆ రోజు బాబాయ్ ఫోన్‌లో చూసింది అదే.

చూడాల్సింది డబ్బు ఎక్కడికి వెళ్ళిందో. బాబాయ్ బ్యాంక్ స్టేట్‌మెంట్ తర్వాత తీసి చూస్తే, ప్రతిసారీ వేరే వేరే మనుషుల పేర్ల మీద ఉన్న అకౌంట్లకి యూపీఐలో వెళ్ళింది. బ్రోకర్ పేరుతో ఒక్కటీ లేదు. నిజంగా విదేశీ మార్కెట్‌లో ట్రేడ్ చేసే కంపెనీకి వ్యక్తుల సేవింగ్స్ అకౌంట్లతో ఏం పని?

మన దేశంలో చట్టం ఏం చెప్తుందో కూడా చూద్దాం. కరెన్సీ డెరివేటివ్స్ ట్రేడింగ్ సెబీ దగ్గర రిజిస్టరైన బ్రోకర్ ద్వారా, గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీల్లో జరగాలి. రూపాయితో డాలర్, యూరో, పౌండ్, యెన్ జతలు ఉంటాయి. అవి కూడా నిజంగా విదేశీ మారకం అవసరం ఉన్నవాళ్ళు రిస్క్ తగ్గించుకోవడానికేనని ఆర్‌బీఐ 2024లో స్పష్టం చేసింది. అనుమతి లేని ఫారెక్స్ ప్లాట్‌ఫామ్‌ల పేర్లతో 2022 సెప్టెంబర్ నుంచి ఒక అలర్ట్ లిస్ట్ కూడా ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో పెడుతోంది. అయితే ఆ లిస్ట్‌లో పేరు లేనంత మాత్రాన మంచిదని కాదు, ఆ మాట ఆర్‌బీఐనే చెప్తుంది. పేర్లు వారానికొకటి మారతాయి. మాట మాత్రం మారదు, అదే గ్యారంటీ. రిజిస్టరైన బ్రోకర్ ఎవరూ ఖచ్చితమైన లాభం ఇస్తానని చెప్పకూడదు. సెబీ నిబంధన అది. కాబట్టి ఆ మాట వినపడిన క్షణమే, అవతలివాడు ఆ నిబంధనలకి బయట ఉన్నాడని మీకు తెలిసిపోతుంది.

ఇంకొంతమంది తెలివిగా, "మోసమని నాకూ తెలుసు, కూలేలోపు నాది నేను తీసేసుకుంటా" అంటారు. వీళ్ళకి పాంజీ కథలో ఒక చివరి అధ్యాయం ఉంది. ఆయన దివాలా తీశాక, ఆఖరి రోజుల్లో పరుగెత్తి డబ్బు తీసుకున్నవాళ్ళ మీద ట్రస్టీలు కేసు వేశారు. 1924లో అమెరికా సుప్రీంకోర్టు ఆ డబ్బు వెనక్కి ఇవ్వమంది. ఎందుకంటే దివాలా తీసినవాడి దగ్గర ముందు పరుగెత్తినంత మాత్రాన మిగతా బాధితుల కంటే ఎక్కువ దక్కకూడదు. మన దగ్గర కూడా 2019 నాటి చట్టం ప్రకారం, అనుమతి లేని డిపాజిట్ స్కీమ్ అని తెలిసీ ఇంకొకరిని చేర్పించడం నేరం. కమీషన్ కోసం మీ ఫ్రెండ్‌కి పంపే రిఫరల్ లింక్ అంత చిన్న విషయం కాదు.

ఇక బాబాయ్ సంగతి. 9 లక్షలు పెట్టాక రెండు నెలలు 80 వేల చొప్పున వచ్చాయి. మూడో నెల రాలేదు. మొత్తం వెనక్కి ఇవ్వమంటే, "టాక్స్ 1 లక్షా 20 వేలు ముందు కట్టండి, రిలీజ్ చేస్తాం" అన్నారు. కట్టారు. ఎవరికీ చెప్పకుండా కట్టారు. అసలు టాక్స్ అనేది మనకి రావాల్సిన దాంట్లోంచి పట్టుకుంటారు, లేదా మనమే ప్రభుత్వానికి కడతాం. యాప్‌వాడికి ముందుగా కట్టే టాక్స్ ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆ తర్వాత యాప్ తెరుచుకోలేదు. పెట్టింది 11 లక్షల 20 వేలు, వచ్చింది 1 లక్షా 92 వేలు. నష్టం 9 లక్షల 28 వేలు.

1930కి ఫోన్ చేశాం, cybercrime.gov.in లో కంప్లైంట్ ఇచ్చాం. కానీ అప్పటికి మూడు వారాలు దాటింది. ఆ నంబర్‌కి మొదటి కొన్ని గంటల్లో ఫోన్ చేస్తే డబ్బు ఇంకా ఏదో ఒక అకౌంట్‌లో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. మూడు వారాలంటే ఏమీ మిగలదు. ఆ తర్వాత ఇంకొకడు ఫోన్ చేసి, "మీ డబ్బు రికవర్ చేస్తాం, ఫీజు 25 వేలు" అన్నాడు. ఆ ఫోన్ మాత్రం నేనే ఎత్తాను.

బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఇప్పుడు వాళ్ళ కాలనీలో ఎవరైనా అలాంటి యాప్ తెచ్చి చూపిస్తే, ఆయన ఫోన్ చేతిలోకి కూడా తీసుకోరు. "నెలనెలా ఖాయంగా ఇస్తానన్నాడా?" అని అడుగుతారు. అవునంటే, "ఇంక చూసేదేం లేదు" అంటారు. ఆ రోజు నేను ఆయనకి చెప్పాల్సిన జవాబు అది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఫోన్ పట్టుకుని మీ దగ్గరికి వస్తే, యాప్ తెరిచే ముందు ఆ ప్రశ్న అడగండి.